ఖాతాల పట్టిక: ఏది ఖాతా, ఏది సెగ్మెంటు, ఏది డైమెన్షను? నూనె మిల్లు ఉన్న మా కంపెనీకి సలహా కావాలి

అనంత పద్దులు (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం కేంద్రంగా నడిచే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. కళ్యాణదుర్గంలో వేరుశనగ ఒలుపు యూనిట్, గుంతకల్లు దగ్గర నూనె మిల్లు, అనంతపురంలో ప్రధాన కార్యాలయం, దానిని ఆనుకొని చిల్లర దుకాణం ఉన్నాయి. కొద్ది వారాలలో బళ్ళారిలో డిపో తెరుస్తున్నాము. గత సంవత్సరం అమ్మకాలు 42 కోట్లు. ఇన్నాళ్ళూ పేర్లతోనే నడిచే పాత ప్యాకేజీలో లెక్కలు రాశాము. ఇప్పుడు అంకెల కోడ్లతో నడిచే కొత్త వ్యవస్థ కొన్నాము. దానిని అమర్చే వారు వచ్చే నెల మొదటి వారంలోగా ఖాతాల పట్టిక చేతికి ఇవ్వమన్నారు.

పాత ప్యాకేజీలోని లెడ్జర్ల జాబితాను అచ్చు వేసి చూస్తే, పార్టీల ఖాతాలు కాక 1,140 ఉన్నాయి. "కరెంటు ఛార్జీలు - మిల్లు", "కరెంటు ఛార్జీలు - దుకాణం", "కరెంటు - కళ్యాణదుర్గం పాతది" అన్న తీరున ఒకే ఖర్చు ఐదారు చోట్ల ఉంది. ఒకే సరుకు కొనుగోలు ఒక గుమాస్తా హయాంలో "వేరుశనగ", మరొకరి హయాంలో "శనక్కాయలు", ఇంకొకరి హయాంలో "బుడ్డలు" అన్న మూడు లెడ్జర్లుగా పెరిగింది. మూడూ నేటికీ వాడుకలోనే ఉన్నాయి.

నా ప్రశ్న ఇది. ఏ సమాచారాన్ని ఖాతా నంబరులో పెట్టాలి, దేనిని విడి సెగ్మెంటుగా, అంటే ప్రతి పద్దులో ఖాతా పక్కనే ఉండే వేరే కోడ్‌గా పెట్టాలి, దేనిని నివేదికల కోసం మాత్రమే డైమెన్షనుగా, అంటే పద్దుకు తగిలించే గుర్తుగా పెట్టాలి? ఒకసారి పద్దులు పడిన తరువాత మార్చడం కష్టమని అంటున్నారు కనుక ముందే తేల్చుకోవాలని ఉంది.

బురుజు నీడ (కర్నూలు)

నేను పన్నెండేళ్ళుగా ఇటువంటి వ్యవస్థలు అమర్చే పనిలోనే ఉన్నాను. నా అనుభవంలో అన్నిటికన్నా భద్రమైన పద్ధతి, ఖాతా నంబరులోనే అంతా ఇమిడి ఉండడం. మొదటి రెండు అంకెలు జీఎస్టీ రాష్ట్ర కోడ్, అంటే ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. తరువాతి రెండు అంకెలు ఊరు. ఆ తరువాత రెండు విభాగం. చివరి ఐదు అసలు ఖాతా. నంబరు చూడగానే ఏ రాష్ట్రం, ఏ ఊరు, ఏ ఖర్చు అన్నది కంటికి కనపడుతుంది. గుమాస్తా డైమెన్షను నింపడం మరచిపోయాడన్న బాధ ఉండదు, ఎందుకంటే ఖాతా ఎంచుకోవడంలోనే అంతా వచ్చేస్తుంది.

పెన్నా ఒడ్డు (కడప)

బురుజు నీడ గారు చెప్పిన దానిలో ఒక మాట నిజం: మనిషి నింపవలసిన గడి ఎక్కువైన కొద్దీ అది ఖాళీగానో తప్పుగానో మిగులుతుంది. అయితే దానికి మందు నంబరును పొడిగించడం కాదు. అనంత పద్దులు గారి దగ్గర లెక్కించదగిన ఖర్చు పద్దులు ఎన్ని ఉంటాయో ఒకసారి వేసి చూద్దాం. నేను ఇటువంటి కంపెనీలకు ఆడిట్ చేసినంతలో, అసలైన ఖర్చు ఖాతాలు అరవై చుట్టూ ఉంటాయి. 62 అనుకుందాం. చోట్లు ఐదు, వ్యాపకాలు నాలుగు, అంటే ఒలుపు, నూనె, కొని అమ్మే వ్యాపారం, అందరికీ ఉమ్మడివి. అన్నిటినీ ఒకే నంబరులో కలిపితే 62ను 5తోనూ, ఆ వచ్చినదానిని 4తోనూ గుణించాలి, అంటే 1,240 ఖాతాలు తెరవాలి. వేరు వేరుగా ఉంచితే నిర్వహించవలసిన పేర్లు 62, 5, 4 కలిపి 71 మాత్రమే. రేపు బళ్ళారి పక్కన హోసపేటలో ఇంకో డిపో వస్తే మొదటి పద్ధతిలో 248 కొత్త ఖాతాలు తెరవాలి, రెండవ పద్ధతిలో ఒక్క పేరు చేర్చాలి. పాత ప్యాకేజీలో 1,140 లెడ్జర్లు పుట్టింది ఈ గుణకారం వల్లనే. అదే రోగాన్ని అంకెల రూపంలో కొత్త ఇంటికి మోసుకుపోవద్దు.

ఏది ఖాతా కావాలన్న దానికి నేను వాడే పరీక్ష ఒక్కటే. ఆ తేడా కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 3 ప్రకారం తయారయ్యే లాభనష్టాల పట్టికలోనో, ఆస్తి అప్పుల పట్టికలోనో, వాటి నోట్లలోనో వేరే వరుసను కోరుతుందా? కోరితే అది ఖాతా. "ఎక్కడ", "ఎవరి కోసం", "ఏ పని మీద" అన్న ప్రశ్నకు మాత్రమే జవాబైతే అది ఖాతా కాదు. కరెంటు ఖర్చు మిల్లులో అయినా దుకాణంలో అయినా విద్యుత్తు, ఇంధనం అన్న ఒకే వరుసలోకి పోతుంది, కనుక ఒకే ఖాతా. మరమ్మతుల విషయం అలా కాదు. భవనాల మరమ్మతులు, యంత్రాల మరమ్మతులు షెడ్యూల్ 3 నోటులో విడివిడిగా చూపాలి, కనుక అవి రెండు ఖాతాలు. ఇవి కాక, మరే ఖర్చయినా అమ్మకాల ఆదాయంలో 1 శాతం లేదా ఒక లక్ష, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానిని మించినప్పుడు విడిగా చూపాలి. మీ 42 కోట్ల మీద ఆ హద్దు 42 లక్షలు. హమాలీ ఖర్చు 42 లక్షలు దాటే అవకాశం ఉంటే దానికి సొంత ఖాతా ఉండాలి. టీ ఖర్చుకు అక్కరలేదు, ఎంత తాగినా.

తాడిపత్రి బండలు

ఈ చర్చ నాకు సరిగ్గా సమయానికి దొరికింది. మాది నల్ల బండల పాలిష్ యూనిట్. నేను ఒక్కొక్క గని నుండి వచ్చిన ప్రతి లోడుకూ ఒక లెడ్జరు తెరుస్తాను, దానిలోనే కోత, పాలిష్, రవాణా ఖర్చులు వేస్తాను, చివరికి చదరపు అడుగుకు ఎంత పడిందో తెలుస్తుంది. మీరు చెబుతున్న పట్టికలో చదరపు అడుగు ధర ఎక్కడ కనపడుతుంది? అనంత పద్దులు గారు కూడా అదే అడుగుతున్నారని అనుకుంటున్నాను, అంటే కిలో నూనెకు ఎంత పడింది అన్నది.

అనంత పద్దులు

బండలు అన్నా, నేను అడిగింది అది కాదు, అయినా మీ ప్రశ్న నాకూ పనికివస్తుంది. మా యజమాని కూడా రకం రకానికి లాభం కావాలంటున్నారు.

గుంతకల్లు జంక్షన్

నేను ఒక మిల్లులో ఉత్పత్తి లెక్కలు చూస్తాను కనుక ఆ ప్రశ్నకు నా వంతు జవాబు. తాడిపత్రి మిత్రులారా, లోడు అన్నది నెలలో వచ్చి అయిపోయే వస్తువు. అలా పుట్టి పోయేదానిని ఖాతాగానూ పెట్టకూడదు, డైమెన్షనుగానూ పెట్టకూడదు. అది సరుకుల పుస్తకంలో లాటు నంబరుగా ఉండాలి. లాటుకు ఎంత పడిందన్నది స్టాకు విభాగం లెక్క కడుతుంది, దాని మొత్తం మాత్రమే లెడ్జరులోకి రావాలి. మా వద్ద నూనె, చెక్క, పొట్టు రకాల వివరాలన్నీ సరుకుల పేర్ల మీదనే ఉన్నాయి, లెడ్జరులో రకం అన్న డైమెన్షను లేనే లేదు.

డైమెన్షన్ల సంగతిలో ఒక చేదు అనుభవం చెబుతాను. మా వ్యవస్థలో వ్యాపకం అన్న గడిని తప్పనిసరి చేశారు, కానీ జాబితాలో మొదటి పేరు "సాధారణం" అని పెట్టారు. ఆరు నెలల తరువాత నివేదిక తీస్తే ఖర్చులో సగానికి పైగా "సాధారణం"లో ఉంది. తప్పనిసరి చేయడం ఒక్కటే చాలదు, తప్పించుకునే పేరు జాబితాలో ఉండకూడదు. ఉమ్మడి ఖర్చుకు పేరు కావాలంటే, ఆ పేరును ఏ ఖాతాలతో వాడవచ్చో నియమం పెట్టి బిగించాలి. మేము ఇప్పుడు కార్యాలయపు జీతాలు, ఆడిట్ ఫీజు, బీమా వంటి కొన్ని ఖాతాలతో మాత్రమే "ఉమ్మడి"ని అనుమతిస్తున్నాము. బాయిలర్ ఇంధనానికి "ఉమ్మడి" ఎంచుకుంటే పద్దు పడదు.

బురుజు నీడ

గుణకారం సంగతి ఒప్పుకుంటాను, పెన్నా ఒడ్డు మేడం. నేను అమర్చిన చోట్ల చాలావరకు ఒకే ఊరి వ్యాపారాలు కావడం వల్ల ఆ నొప్పి నాకు తెలియలేదు. అయితే రాష్ట్ర కోడ్ మాత్రం పద్దులో ఉండి తీరాలని ఇప్పటికీ అంటాను. బళ్ళారి డిపోకు వేరే జీఎస్టీ నమోదు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఖాతాలోని ఇన్‌పుట్ జమను, అంటే కొనుగోళ్ళ మీద కట్టిన పన్నుకు వచ్చే జమను, కర్ణాటక పన్నుకు వాడుకోలేరు. కనుక 37, 29 అన్న సెగ్మెంటు పెట్టండి.

పెన్నా ఒడ్డు

సెగ్మెంటు ఉండాలన్నది పూర్తిగా సరైన మాట. దాని విలువగా రాష్ట్ర కోడ్ పెట్టడమే చిక్కు. అనంతపురం కార్యాలయానికి వచ్చే ఆడిట్ ఫీజు, సాఫ్ట్‌వేర్ బిల్లు బళ్ళారికి కూడా ఉపయోగపడతాయి. అటువంటి ఉమ్మడి సేవల మీద పన్ను జమను పంచడానికి ఇన్‌పుట్ సర్వీస్ డిస్ట్రిబ్యూటర్‌గా నమోదు కావడం 2025 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి అయింది. ఆ నమోదు అనంతపురం చిరునామా మీదనే ఉంటుంది, దాని నంబరు కూడా 37తోనే మొదలవుతుంది. అప్పుడు 37 అన్న విలువకు రెండు నమోదులు వచ్చి కూర్చుంటాయి. కనుక సెగ్మెంటు పేరు "రాష్ట్రం" కాదు, "నమోదు" అని పెట్టి, విలువలకు అర్థం లేని అంకెలు ఇవ్వండి: 10 ఆంధ్రప్రదేశ్ సాధారణ నమోదు, 20 కర్ణాటక, 30 డిస్ట్రిబ్యూటర్. కోడ్‌లో బయటి ప్రపంచపు అర్థాన్ని ఇరికించిన ప్రతిచోటా ఆ అర్థం ఎప్పుడో ఒకప్పుడు మారుతుంది.

ఈ సెగ్మెంటుకూ మిగిలిన డైమెన్షన్లకూ స్వభావంలోనే తేడా ఉంది, అది అమర్చే వారికి ముందే చెప్పాలి. చోటు, వ్యాపకం అన్నవి లాభనష్టాల ఖాతాల మీద ఉంటే చాలు. నమోదు అన్నది ప్రతి వరుసలోనూ, బ్యాంకు, స్టాకు, బాకీదారులతో సహా, ఉండాలి, ఆ నమోదు వరకు డెబిట్టూ క్రెడిట్టూ సమానం కావాలి. ఒక పద్దులో డెబిట్టు 10 మీద, క్రెడిట్టు 20 మీద పడితే, వ్యవస్థ దానిని ఆపాలి లేదా శాఖల మధ్య బాకీ ఖాతా ద్వారా తానే సరిచేయాలి. దీనిని తరువాత చేర్చుకుందాం అనుకుంటే కుదరదు. పాత పద్దుల మీద ఆ విలువ ఉండదు, ప్రారంభ నిల్వలను విడదీసే ఆధారం కూడా దొరకదు.

అనంత పద్దులు

చోటు తెలిస్తే నమోదు తెలిసినట్టే కదా మేడం? బళ్ళారి అంటే 20. రెండూ ఎందుకు?

పెన్నా ఒడ్డు

మంచి ప్రశ్న. గుమాస్తా నింపవలసింది చోటు ఒక్కటే, నమోదును వ్యవస్థ దాని నుండి తానే రాసుకోవాలి. కానీ అనంతపురం అన్న చోటుకు 10, 30 రెండూ సాధ్యమే కనుక, ఆ ఒక్కచోట మాత్రం మనిషి ఎంచుకోవాలి. ఇక బ్యాంకు ఖాతా వంటి వాటి మీద చోటు ఉండదు, నమోదు ఉంటుంది. అందుకే రెండూ వేరుగా నిలవాలి.

బళ్ళారికి నూనె పంపినప్పుడు ఏమి జరుగుతుందో ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. ఒకే కంపెనీ అయినా రెండు నమోదుల మధ్య సరుకు పంపడం జీఎస్టీ చట్టం దృష్టిలో సరఫరాయే. పది లక్షల నూనె లారీ పంపారనుకోండి, రాష్ట్రాల మధ్య సరఫరా కనుక 5 శాతం ఐజీఎస్టీ పడుతుంది.

```
10  81010  శాఖల మధ్య బాకీ          డె  10,50,000
10  38010  శాఖకు పంపిన సరుకు        క్రె  10,00,000
10  16030  అవుట్‌పుట్ ఐజీఎస్టీ        క్రె     50,000

20  48010  శాఖ నుండి వచ్చిన సరుకు    డె  10,00,000
20  26030  ఇన్‌పుట్ ఐజీఎస్టీ          డె     50,000
20  81010  శాఖల మధ్య బాకీ          క్రె  10,50,000
```

రెండు వైపులా కలిపి చూస్తే 81010 సున్నా అవుతుంది, 38010, 48010 ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పంపిన సరుకును మామూలు అమ్మకాల ఖాతాలో వేస్తే కంపెనీ మొత్తం అమ్మకాలు పది లక్షలు ఉబ్బుతాయి. సంవత్సరమంతా అలా జరిగితే 1 శాతం హద్దు కూడా తప్పుగా పెరుగుతుంది. అందుకే ఈ జంట ఖాతాలకు అమ్మకాల, కొనుగోళ్ళ శ్రేణుల చివరన విడిగా చోటు ఉంచాను.

మార్చి 31న ఇక్కడ బయలుదేరి ఏప్రిల్ 1న అక్కడ దిగిన లారీ ఉంటే, సంవత్సరాంతాన 81010 సున్నా కాదు. అప్పుడు ఎవరో దానిని సస్పెన్సులో వేసి మూసేస్తారు. అలా చేయకుండా దారిలో ఉన్న సరుకు అన్న ఖాతాను ముందే తెరచి ఉంచండి. ఇక ఈ నూనె మీకు 9,20,000కు తయారైందనుకుందాం. దానిలో నాలుగో వంతు సంవత్సరాంతాన బళ్ళారిలో అమ్ముడుపోకుండా ఉంటే, 80,000లో నాలుగో వంతు, అంటే 20,000 ఇంకా సంపాదించని లాభం. ఆ మేరకు స్టాకు విలువ తగ్గించడానికి ఒక ఖాతా కావాలి. బళ్ళారి డిపో పూర్తి ఇన్‌పుట్ జమకు అర్హమైతే, ఇన్‌వాయిసులో మీరు వేసిన విలువనే చట్టం అంగీకరిస్తుంది కనుక, తయారీ ఖర్చుకే పంపితే ఈ 20,000 గొడవే ఉండదు. ఏ ధరకు పంపాలన్నది మీ ఇష్టం, కానీ ఏది ఎంచుకుంటారో పట్టిక గీసే ముందే రాసి పెట్టుకోండి.

తాడిపత్రి బండలు

మేము బెంగళూరుకు పంపే బండలన్నీ అమ్మకమే, శాఖ లేదు. అయినా దారిలో ఉన్న సరుకు అన్న ఖాతా నాకు పనికొస్తుంది. దారిలో పగిలిన బండలను ఎక్కడ వేయాలో ఇన్నాళ్ళూ తెలియలేదు.

గుంతకల్లు జంక్షన్

పగిలినవి వేరు సంగతి అన్నా, అవి నష్టం ఖాతాలోకి పోవాలి, దారిలో ఉన్న సరుకులోకి కాదు. లేకపోతే ఆ ఖాతాలో మీ పగిలిన బండలు ఏళ్ళ తరబడి ప్రయాణం చేస్తూనే ఉంటాయి.

అనంత పద్దులు

ఇప్పటివరకు వచ్చిన సలహాలతో శ్రేణులు ఇలా గీశాను. షెడ్యూల్ 3 వరుస ప్రకారం మూలధనం, అప్పులు ముందు పెట్టాను.

```
10000-19999  మూలధనం, నిల్వలు, అప్పులు, ఇతర బాధ్యతలు
20000-29999  ఆస్తులు
30000-39999  ఆదాయం (38000 నుండి శాఖల బదిలీలు)
40000-49999  ముడిసరుకు, కొనుగోళ్ళు, నిల్వల మార్పు
50000-59999  ఉద్యోగుల ఖర్చు, వడ్డీ, తరుగుదల, ఇతర ఖర్చులు
80000-89999  శాఖల మధ్య బాకీలు
```

ఒక్కొక్క ఖాతాకు మధ్య పది అంకెల ఖాళీ వదిలాను. ఇక్కడ నాకు తెగనిది 40000 శ్రేణి. మేము కాయలు కొని ఒలిచి, పెద్ద గింజలను అమ్ముతాము, చిన్నవాటిని మిల్లుకు పంపుతాము. సీజనులో ఇతర వ్యాపారుల నుండి ఒలిచిన గింజలు కూడా కొంటాము. వాటిలో కొన్నిటిని ఉన్నవి ఉన్నట్టే అమ్ముతాము, కొన్ని గానుగలోకి పోతాయి. కొన్న రోజున ఏది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. వాడిన ముడిసరుకు, అమ్మకానికి కొన్న సరుకు అన్నవి షెడ్యూల్ 3లో రెండు వేరు వరుసలు. కొన్న గింజలను ఏ ఖాతాలో వేయాలి?

బురుజు నీడ

రెండు కొనుగోలు ఖాతాలు పెట్టి, కొనే గుమాస్తాను ఎంచుకోమనండి. సంవత్సరాంతాన ఆడిటరు సర్దుబాటు చేస్తారు.

పెన్నా ఒడ్డు

ఆడిటరు మీద పెట్టిన పని ఆడిటరుకు నచ్చదు, బురుజు నీడ గారు. పైగా తెలియని దానిని గుమాస్తా ఎలా ఎంచుకుంటాడు?

కొత్త వ్యవస్థలో స్టాకు లెక్క రోజువారీగా నడుస్తుందా, సంవత్సరాంతపు లెక్కింపు మీద నడుస్తుందా అన్నది ముందు తేలాలి, ఎందుకంటే 40000 శ్రేణి ఆకారం దాని మీదనే ఆధారపడుతుంది. రోజువారీగా నడిచేటట్లయితే కొనుగోలు అసలు లాభనష్టాలలోకే రాదు. కొన్న గింజలు, మార్కెట్ ఫీజు, లోపలికి వచ్చిన లారీ కిరాయి, దింపుడు హమాలీ, అన్నీ గింజల స్టాకు అన్న ఒకే ఆస్తి ఖాతాలోకి పోతాయి. సరుకు బయటికి పోయినప్పుడు నిర్ణయం తానే బయటపడుతుంది. మిల్లుకు ఇచ్చిన చీటీ పడితే వాడిన ముడిసరుకు ఖాతాకు, అమ్మకం బిల్లు పడితే అమ్మిన వ్యాపార సరుకు ఖాతాకు పోతుంది. ఏ లావాదేవీకి ఏ ఖాతా అన్నది అమరికలో ఒకసారి రాస్తారు, గుమాస్తా ఎంచుకునే పని లేదు. అయితే మీరు ఒలిచిన సొంత గింజలనూ, బయట కొన్న గింజలనూ సరుకుల పుస్తకంలో రెండు పేర్లతో ఉంచాలి, ఎందుకంటే సొంతంగా ఒలిచి అమ్మింది తయారైన సరుకు, కొని అమ్మింది వ్యాపార సరుకు. రెండూ ఒకే గోదాములో ఒకే కుప్పగా పోస్తున్నారంటే ఏ ఖాతాల పట్టికా మిమ్మల్ని కాపాడలేదు.

రోజువారీ పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. షెడ్యూల్ 3 నమూనా కొనుగోళ్ళను, నిల్వల మార్పును విడివిడిగా అడుగుతుంది, మీ లెడ్జరులో అమ్మిన సరుకు ఖర్చు ఒక్కటే ఉంటుంది. కనుక సంవత్సరాంతాన స్టాకు ఖాతాల ప్రారంభ, ముగింపు నిల్వల నుండి ఆ రెండు వరుసలనూ రాబట్టాలి. అది సాధ్యం కావాలంటే ముడిసరుకు, తయారైన సరుకు, వ్యాపార సరుకు అన్న మూడు స్టాకులకు మూడు వేరు ఆస్తి ఖాతాలు ఉండాలి. "స్టాకు" అన్న ఒకే ఖాతా పెట్టిన కంపెనీలో మార్చి నెల ఆడిట్ ఎలా నడిచిందో నాకు తెలుసు, అక్కడి కాఫీ బాగుండేది కనుక తట్టుకున్నాను.

గుంతకల్లు జంక్షన్

రెండు కుప్పల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మా గోదాములో కొన్న గింజల బస్తాలకు వేరే రంగు ట్యాగు కట్టడం మొదలుపెట్టాక కానీ లెక్క నిలబడలేదు. అయితే మేడం, మిల్లులో గింజలు తక్కువై కొన్నవీ సొంతవీ కలిపి ఆడించే రోజులు ఉంటాయి. ఆ రోజు చీటీలో రెండు వరుసలు రాయాలి. రాత్రి షిఫ్టులో అది రాయించడం మీరనుకున్నంత తేలిక కాదు.

అనంత పద్దులు

మా దగ్గర రెండు కుప్పలు లేవు. గోదాము వారితో మాట్లాడాలి.

ఇంకొకటి. సరఫరాదారుల బాకీలలో సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వవలసినదానిని ఆస్తి అప్పుల పట్టిక ముఖం మీదనే వేరే వరుసలో చూపాలి. పెన్నా ఒడ్డు మేడం పరీక్ష ప్రకారం వేరే వరుస అంటే వేరే ఖాతా. అంటే సరఫరాదారుల బాకీల మొత్తాన్ని చూపే కంట్రోల్ ఖాతాలు రెండు పెట్టాలా?

పెన్నా ఒడ్డు

నా పరీక్ష నాకే అడ్డం తిరిగే చోటు ఇది. నేను రెండు కంట్రోల్ ఖాతాలు పెట్టిస్తాను. సరఫరాదారుల వివరాలలో ఆ గుర్తు ఉంటే, బిల్లు తానే సరైన ఖాతాకు పోతుంది, ట్రయల్ బ్యాలెన్సులోనే రెండు అంకెలూ కనపడతాయి.

బురుజు నీడ

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను మేడం. సరఫరాదారు హోదా సంవత్సరం మధ్యలో మారుతుంది. 2025 ఏప్రిల్ 1 నుండి హద్దులే మారాయి. చిన్న సంస్థకు టర్నోవరు హద్దు 50 కోట్ల నుండి 100 కోట్లకు పెరిగింది, నిన్నటి మధ్యతరహా సంస్థలలో కొన్ని నేడు చిన్నవయ్యాయి. రెండు కంట్రోల్ ఖాతాలుంటే చెల్లించని ప్రతి బిల్లునూ ఒకదాని నుండి మరొకదానికి బదిలీ చేయాలి. నేను చూసిన కొన్ని వ్యవస్థలలో, బిల్లు పడ్డ తరువాత సరఫరాదారు కంట్రోల్ ఖాతా మారిస్తే పాత బిల్లులు పాత ఖాతాలోనే ఇరుక్కుపోయాయి. ఒకే ఖాతా ఉంచి, వివరాలలోని గుర్తు ఆధారంగా నివేదికలో విడదీయడమే మేలు. ఎలాగూ ఎన్ని రోజులుగా బాకీ ఉందన్న వివరం బిల్లుల నుండే తీయాలి. ఆదాయపు పన్ను చట్టం కింద సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆలస్యమైన చెల్లింపుల లెక్క కూడా బిల్లుల నుండే వస్తుంది, ఖాతా నుండి రాదు.

పెన్నా ఒడ్డు

బదిలీల నొప్పి నిజమే. కానీ గుర్తును ఎవరో మార్చిన రోజున గత సంవత్సరపు నివేదిక కూడా మారిపోతుందన్నది నా భయం. ఆడిట్ అయిన అంకె మళ్ళీ తీస్తే వేరేగా రాకూడదు. గుర్తుకు ఏ తేదీ నుండి అన్న వివరం మీ వ్యవస్థలో ఉంటే మీ పద్ధతి సరే, లేకపోతే నాది.

అనంత పద్దులు

అమర్చే వారిని ఆ తేదీ సంగతి అడిగాను, ఇంకా జవాబు రాలేదు. అందాకా 17010, 17020 రెండు నంబర్లనూ ఖాళీగా పట్టి ఉంచాను.

ఈలోగా గుంతకల్లు జంక్షన్ గారు ఫోనులో చెప్పిన ప్రకారం ఒక పరీక్ష చేశాను. గత మార్చి 31 నాటి ట్రయల్ బ్యాలెన్సును తీసుకొని, 1,140 లెడ్జర్లలో ప్రతి ఒక్కదానికీ ఎదురుగా కొత్త ఖాతా, నమోదు, చోటు, వ్యాపకం అన్న నాలుగు గళ్ళు నింపాను. 214 కొత్త ఖాతాలకు అంతా సర్దుకుంది. "వేరుశనగ", "శనక్కాయలు", "బుడ్డలు" మూడూ ఒకే చోటికి చేరాయి. కొత్త పట్టికలో కూడిన లాభం, పాత లాభంతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది. కానీ ఒక్క పాత లెడ్జరు కూడా రెండు కొత్త ఖాతాల మధ్య విడదీయవలసి రాకూడదని ఆశపడ్డాను, అలాంటివి పదకొండు తేలాయి. వాటిలో పెద్దది "మరమ్మతులు - మిల్లు". భవనం, యంత్రం రెండూ దానిలోనే ఉన్నాయి. పాత ఓచర్లు తిరగేసి విడదీయాలి.

గుంతకల్లు జంక్షన్

ఆ పదకొండే ఈ పరీక్షకు ఫలితం. ఇంకొక పరీక్ష మిగిలింది. ఒక నెల అసలు ఓచర్లను, కనీసం బిజీగా ఉన్న వారం రోజులవి, మీ గుమాస్తాల చేతనే కొత్త కోడ్లతో రాయించండి, మీరు పక్కన కూర్చోవద్దు. ఏ ఖాతా కోసం వారు ఎక్కువ సేపు వెతుకుతారో, ఏ రెండు ఖాతాల మధ్య తడబడతారో అక్కడ పేరు సరిగా లేదని అర్థం. మా వద్ద "ప్యాకింగ్ సామగ్రి", "ప్యాకింగ్ ఖర్చులు" అన్న రెండు ఖాతాల మధ్య నలుగురు గుమాస్తాలూ నాలుగు రకాలుగా రాశారు. ఒకటి డబ్బాల ధర అట, ఒకటి డబ్బాలు నింపే కూలి అట. పేర్లు పెట్టింది నేనే.

పెన్నా ఒడ్డు

దానితో పాటు, కొత్త ఖాతా తెరిచే హక్కు ఎవరికి ఉంటుందో కూడా ఇప్పుడే తేల్చండి. మీ 214 ఖాతాలూ రెండేళ్ళలో 600 కావడానికి వ్యవస్థ లోపం అక్కరలేదు, ప్రతి గుమాస్తాకూ ఆ మీట అందుబాటులో ఉంటే చాలు.

తాడిపత్రి బండలు

నా దగ్గర ఆ మీట మా బావమరిది చేతిలో ఉంది. ఈ రాత్రికే లెడ్జర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెబుతాను.